రిటైరైన బ్యాంకు అధికారి రెజ్యూమె: సలహాదారు పని కోసం ఎలా రాయాలి?

ఉద్యోగ విరమణ తర్వాత వారానికి రెండు మూడు రోజులు సలహాదారుగా పనిచేయాలనుకునేవారి రెజ్యూమె వేరు, పూర్తికాల ఉద్యోగానికి పెట్టే రెజ్యూమె వేరు. ఉద్యోగంలోకి మనిషిని తీసుకునేవారు అతను ఇంతవరకు ఎలా ఎదిగాడో, ఇకపై ఎంత ఎదుగుతాడో చూస్తారు. సలహాదారును పిలిచేవారికి ఆ లెక్కలతో పని లేదు. వాళ్ల చేతిలో ఒక చిక్కు ఉంటుంది. దాన్ని విప్పడం ఈ మనిషికి చేతనవునా, ఎన్ని రోజులు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది అన్నదే వాళ్లకు కావాలి. ముప్పై ఏళ్లకు పైగా సర్వీసు చేసినవారి రెజ్యూమెల్లో చాలావాటికి ఈ మూడు ప్రశ్నల ఊసే ఉండదు. ఏ ఊళ్లో ఎప్పుడు పనిచేశారో, ఏ పదోన్నతి ఏ ఏడాది వచ్చిందో మాత్రం తేదీలతో సహా ఉంటుంది. చదివేవారికి పాతగా అనిపించేది ఆ అమరికే. వయసు సంగతి ఆ తర్వాత.

ఈ విషయం బ్యాంకు అధికారుల రెజ్యూమెల్లో చాలా స్పష్టంగా కనిపిస్తుంది. 1980లలో బ్యాంకుల్లో చేరిన తరం గత కొన్నేళ్లలో విరమణ చేసింది. వాళ్లు చేరిన సంస్థల్లో కొన్ని ఇప్పుడు ఆ పేరుతో లేవు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో విలీనమైంది. చేసిన పని పద్ధతులు కూడా మారాయి. అయినా వాళ్లకు తెలిసిన విద్యకు గిరాకీ తగ్గలేదు. చిన్న పరిశ్రమ నడిపేవారికి బ్యాంకు అప్పు దరఖాస్తు ఎందుకు వెనక్కి వచ్చిందో అర్థం కాదు. అది చెప్పగలిగినవారు, ఒకప్పుడు అలాంటి దరఖాస్తులను వెనక్కి పంపిన అధికారులే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఉంటున్న ఒక విశ్రాంత చీఫ్ మేనేజర్. 1986లో ఆంధ్రా బ్యాంక్‌లో ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరి, 2022లో యూనియన్ బ్యాంక్ నుంచి విరమణ చేశారు. ముప్పై ఆరేళ్ల సర్వీసులో చివరి పదకొండేళ్లు చిన్న పరిశ్రమల రుణాల పరిశీలనలోనే గడిచాయి. ఇప్పుడు ఆమెకు పూర్తికాల ఉద్యోగం అక్కర్లేదు. వారానికి రెండు రోజులు, చిన్న యూనిట్లకు బ్యాంకు రుణాల విషయంలో సలహా ఇవ్వాలని ఉంది. ఈ అధికారి కల్పితం, కానీ ఆమె మొదటి రెజ్యూమె లాంటివి నిజంగానే చలామణీలో ఉన్నాయి.

ఆ మొదటి ప్రతి ఆరు పేజీలు. పైన పెద్ద అక్షరాలతో ‘కరికులమ్ వీటే’, కింద పాస్‌పోర్టు ఫోటో. తర్వాత తండ్రి పేరు, పుట్టిన తేదీ, వైవాహిక స్థితి, శాశ్వత చిరునామా. ఆ కింద ‘సవాళ్లతో కూడిన బాధ్యతాయుతమైన హోదాలో నా అనుభవాన్ని సంస్థ అభివృద్ధికి వినియోగించడం నా లక్ష్యం’ అన్న వాక్యం. రెండో పేజీ నుంచి 1986తో మొదలుపెట్టి పద్నాలుగు పోస్టింగులు, ఒక్కో బ్రాంచికి చేరిన తేదీ, వదిలిన తేదీ. నాలుగో పేజీలో హాజరైన శిక్షణ తరగతులు ఇరవై రెండు. ఐదో పేజీలో డిపాజిట్ల సేకరణకు వచ్చిన ప్రశంసాపత్రాలు. చివర ‘పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు సత్యమని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను’ అన్న ప్రకటన, సంతకం. నిజానికి ఇది రెజ్యూమె రూపంలో ఉన్న సర్వీసు రిజిస్టరు. అందులో తప్పు ఒక్కటీ లేదు. చిన్న పరిశ్రమల రుణాలు ఆమెకు ఎంత బాగా తెలుసో మాత్రం చదివేవారికి మూడో పేజీ దాకా తెలియదు.

అంతదూరం ఎవరూ చదవరు. ఇలాంటి రెజ్యూమె చేరేది ముఖ్యంగా మూడు చోట్లకు. ఒకటి, చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసు. అక్కడ క్లయింట్ల రుణ దరఖాస్తులు తయారవుతాయి, బ్యాంకు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పగల మనిషి కావాలి. రెండు, నేరుగా యూనిట్ యజమాని. మూడు, చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే బ్యాంకేతర ఆర్థిక సంస్థ. మూడు చోట్లా చదివేది ఒక్కరే, అదీ ఎక్కువసార్లు ఫోన్‌లో, వాట్సాప్‌కు వచ్చిన పీడీఎఫ్ తెరిచి. ఫోన్ తెరమీద మొదట కనిపించేది పేజీలో పైనున్న మూడో వంతు. పని దొరుకుతుందా లేదా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది.

పై మూడో వంతు

అందుకని ఫోటో, తండ్రి పేరు, వైవాహిక స్థితి, శాశ్వత చిరునామా, లక్ష్యం, ధ్రువీకరణ అన్నీ తీసేయాలి. సలహాదారు పనికి ఇవేవీ అక్కర్లేదు. పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ చాలు. ఈమెయిల్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. బ్యాంకు ఇచ్చిన చిరునామా విరమణతో ఆగిపోతుంది. పిల్లల చిరునామా పెడితే, ఉత్తరాలు ఈమె స్వయంగా చూసుకోరన్న అభిప్రాయం కలుగుతుంది. తన పేరుతోనే ఒకటి తెరిచి, రోజూ చూడాలి.

పేరు కింద రాసే ఒక్క వాక్యం మీద గంటసేపు కూర్చున్నా తప్పు లేదు. ‘విశ్రాంత చీఫ్ మేనేజర్, యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియా’ అని రాస్తే అది గతం. అధికారి ఎవరో తెలుస్తుంది, ఏం చేస్తారో తెలియదు. ‘చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు బ్యాంకు రుణ సలహాదారు’ అని రాస్తే అది వర్తమానం. దాని కింద రెండు మూడు వాక్యాల్లో మిగతాది చెప్పవచ్చు. రెజ్యూమె సాధారణంగా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. ఇక్కడ దాని సారాంశం తెలుగులో ఇలా ఉంటుంది: ‘రుణ దరఖాస్తులను పరిశీలించి మంజూరు చేసే వైపున పదకొండేళ్ల అనుభవం. వర్కింగ్ క్యాపిటల్ పరిమితుల రెన్యువల్, పెంపు, వెనక్కి వచ్చిన దరఖాస్తులను సరిదిద్దడంలో సాయం. విజయవాడ, గుంటూరు పరిసరాల్లో వారానికి రెండు రోజులు.’ ఏం చేస్తారు, ఎక్కడ చేస్తారు, ఎంతకాలం కేటాయిస్తారు అన్న మూడూ ఇందులో వచ్చేశాయి.

ముప్పై ఆరేళ్ల అనుభవమని రాయకుండా పదకొండేళ్లని రాయడం ఆమెకు మొదట నష్టంగా తోచవచ్చు. కానీ ముప్పై ఆరేళ్లలో క్యాష్ కౌంటరు, డిపాజిట్లు, సిబ్బంది వ్యవహారాలు అన్నీ ఉన్నాయి. యూనిట్ యజమానికి పనికొచ్చేవి ఆ పదకొండేళ్లే. అంకె చిన్నదయ్యేకొద్దీ అది దేని గురించో స్పష్టమవుతుంది. మొత్తం సర్వీసు ఎంతో రెండో పేజీలో ఎలాగూ తెలుస్తుంది.

పాత మాట, పాత విద్య

పాతబడిన మాటనూ, పాతదైనా నేటికీ పనికొచ్చే విద్యనూ వేరుచేసి చూడటం ఈ మొత్తం వ్యవహారంలో కష్టమైన భాగం. చాలామంది భయపడి రెండింటినీ కలిపి తీసేస్తారు, లేకపోతే రెండింటినీ కలిపి ఉంచేస్తారు.

ఆమె మొదటి ప్రతిలో ‘ఎస్‌ఎస్‌ఐ అడ్వాన్సులు’ అన్న మాట ఏడుసార్లు ఉంది. 2006లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం వచ్చాక ఆ పేరు పోయి ఎంఎస్‌ఎంఈ వచ్చింది. 2020 జూలై 1 నుంచి నమోదు ఉద్యమ్ పోర్టల్‌లో జరుగుతోంది. ఏది సూక్ష్మ, ఏది చిన్న అన్న హద్దులు 2025 ఏప్రిల్ 1న మళ్లీ మారాయి: యంత్రాల మీద పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటకపోతే సూక్ష్మ; 25 కోట్లు, 100 కోట్లు దాటకపోతే చిన్న; 125 కోట్లు, 500 కోట్లు దాటకపోతే మధ్యతరహా. ‘ఎస్‌ఎస్‌ఐ’ అని చదివిన చార్టర్డ్ అకౌంటెంట్‌కు ఈ మార్పులేవీ ఈమె దాకా రాలేదేమో అన్న అనుమానం వస్తుంది. ఆమెకు అవన్నీ తెలిసే ఉండవచ్చు. ఒక్క మాట ఆ అనుమానాన్ని పుట్టించింది. లెడ్జర్ పోస్టింగ్ మెషిన్ల మీద శిక్షణ, బ్రాంచి కంప్యూటరీకరణలో పాత్ర, ఎమ్మెస్ ఆఫీసు పరిజ్ఞానం కూడా ఇలాంటివే. ఒకప్పుడు అవి గొప్పే. ఇవాళ ఎమ్మెస్ ఆఫీసు వచ్చని రాసుకుంటే, అది రాయాల్సినంత పెద్ద విషయంగా ఈమెకు కనిపించిందని మాత్రమే తెలుస్తుంది.

మరి టాండన్ కమిటీ, నాయక్ కమిటీ సంగతేమిటి? మొదటిది 1970లలోది, రెండోది 1990ల మొదట్లోది. పేర్లు వినడానికి పాతవే. కానీ చిన్న పరిశ్రమలకు 5 కోట్ల లోపు వర్కింగ్ క్యాపిటల్ పరిమితిని ఏడాది అంచనా టర్నోవర్‌లో కనీసం 20 శాతంగా లెక్కకట్టే పద్ధతి నాయక్ కమిటీ చెప్పిందే, బ్యాంకులు ఇప్పటికీ అలాగే లెక్కకడుతున్నాయి. కరెంట్ రేషియో 1.33 ఉందా అని చూడటమూ టాండన్ కాలం నుంచి వచ్చిన అలవాటే. ఈ విద్యను తీసేయడం పొరపాటు. కమిటీ పేరు ముందు పెట్టకుండా, దానితో ఇవాళ జరిగే పనిని రాస్తే సరి: ‘టర్నోవర్ పద్ధతిలో వర్కింగ్ క్యాపిటల్ అవసరాన్ని లెక్కించడం, జీఎస్టీ రిటర్నులతో, బ్యాంకు స్టేట్‌మెంట్లతో అంచనాలను సరిపోల్చడం.’ మొదటి సగం 1990ల విద్య, రెండో సగం 2017లో జీఎస్టీ వచ్చాక పుట్టిన పని. రెండూ ఒకే వాక్యంలో పక్కపక్కన ఉంటే, అనుభవం ఆగిపోలేదని చదివేవారికి వేరే చెప్పక్కర్లేదు.

సంస్థల పేర్ల విషయంలో దాపరికం అవసరం లేదు. ‘యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియా (2020 వరకు ఆంధ్రా బ్యాంక్), 1986–2022’ అని ఒక్క వరుసలో రాస్తే చాలు. మన ప్రాంతంలో ఆంధ్రా బ్యాంక్ పేరు ఇప్పటికీ నమ్మకం కలిగించే పేరే. దాన్ని తీసేస్తే, రిఫరెన్సు కోసం విచారించేవారికే గందరగోళం.

ఒక పనిని దగ్గరగా చూపించడం

సలహాదారు రెజ్యూమెకు గుండెకాయ లాంటిది, చేసిన పనుల్లో మూడు నాలుగింటిని కొంచెం వివరంగా చెప్పే భాగం. ‘బ్రాంచి రుణ పోర్ట్‌ఫోలియోను సమర్థంగా నిర్వహించి లక్ష్యాలను సాధించాను’ అన్న వాక్యం ఏ బ్యాంకు మేనేజరైనా రాయగలిగేదే. దానివల్ల ఈమె గురించి తెలిసేదేమీ లేదు. ఒక్కో పనిని నాలుగు సంగతులతో చెప్పాలి: చిక్కు ఏమిటి, ఈమె ఏం చేశారు, ఏమైంది, ఎంతకాలం పట్టింది.

ఆమె విరమణ తర్వాత ఒక చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసుకు సాయంగా చేసిన మొదటి పని ఇలాంటిదనుకుందాం. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక యూనిట్. గత ఏడాది టర్నోవర్ 4.2 కోట్లు. రాబోయే ఏడాదికి 6 కోట్లు చూపించి, అందులో 20 శాతం, అంటే 1.2 కోట్ల పరిమితి అడిగారు. బ్యాంకు దరఖాస్తును వెనక్కి పంపింది. కారణం చూస్తే, అమ్మకాలు ఒక్క ఏడాదిలో నలభై శాతానికి పైగా పెరుగుతాయని రాసి, అలా ఎందుకు పెరుగుతాయో చెప్పే కాగితం ఒక్కటీ జత చేయలేదు. జీఎస్టీ రిటర్నుల్లోని నెలవారీ అమ్మకాల్లో అలాంటి పెరుగుదల జాడ కూడా లేదు. ఆమె చేతిలో ఉన్న ఆర్డర్లను ఒక్కొక్కటిగా లెక్కవేశారు. రవాణా సంస్థలు రాతపూర్వకంగా ఇచ్చినవి కలుపుకొంటే 5 కోట్లకు నిలబడతాయి. అంచనాను 5 కోట్లకు తగ్గించి, పరిమితి 1 కోటి అడిగించారు. టర్నోవర్‌లో 5 శాతం, అంటే 25 లక్షలు, యజమాని సొంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూపించారు. ఆర్డర్ల కాగితాలు, పన్నెండు నెలల రిటర్నుల పోలిక జత చేశారు. ఆరు వారాల్లో మంజూరైంది.

ఇదంతా రెజ్యూమెలో మూడు వరుసలకు కుదించవచ్చు: ‘లారీ బాడీ యూనిట్ (టర్నోవర్ 4.2 కోట్లు): అంచనాలకు ఆధారాలు లేక వెనక్కి వచ్చిన దరఖాస్తును చేతిలోని ఆర్డర్లు, జీఎస్టీ రిటర్నుల ఆధారంగా తిరిగి తయారుచేశాను. అడిగిన పరిమితిని 1.2 కోట్ల నుంచి 1 కోటికి తగ్గించాను. ఆరు వారాల్లో మంజూరు.’ పరిమితి తగ్గించానని రాసుకోవడం గొప్పగా కనిపించదేమోనని అనిపించవచ్చు. రుణాల సంగతి తెలిసినవారు సరిగ్గా ఆ ముక్క చూసే ఫోన్ చేస్తారు. యజమాని అడిగినదానికల్లా తల ఊపకుండా, బ్యాంకు ఒప్పుకునే అంకె దగ్గరికి ఆయన్ను తీసుకురాగల మనిషే వాళ్లకు కావాలి.

సర్వీసులో ఉన్నప్పుడు చేసిన పనులను కూడా ఇదే పద్ధతిలో రాయవచ్చు. ఒక తేడా మాత్రం ఉంది. బ్యాంకులో మంజూరు ఒక్కరి పని కాదు. పరిశీలించినవారు వేరు, సిఫారసు చేసినవారు వేరు, సంతకం పెట్టినవారు వేరు. తన పాత్ర ఏదో అదే రాయాలి. ‘బ్రాంచి మొండి బకాయిలను 9 కోట్ల నుంచి 3 కోట్లకు తగ్గించాను’ అని ఒక్కరే చెప్పుకుంటే ఆ రంగంలోని మనిషి నమ్మడు. రైటాఫ్‌లో ఎంత పోయింది, వసూలు ఎంత అని అడుగుతాడు.

మరొకటి ఇంతకంటే ముఖ్యం. బ్యాంకులో తెలిసిన ఖాతాదారు వివరాలను బయటపెట్టకూడదన్న బాధ్యత విరమణతో తీరిపోదు. కాబట్టి రుణగ్రహీత పేరు, అతన్ని పోల్చుకోగలిగే ఆనవాలు రెజ్యూమెలో ఉండకూడదు. రంగం, సుమారు పరిమాణం, చిక్కు చాలు. ఫలానా స్పిన్నింగ్ మిల్లు అని పేరు రాసిన రెజ్యూమెను చూసిన యజమాని, రేపు తన పేరు కూడా ఇంకో చోట ఇలాగే కనిపిస్తుందని అనుకుంటాడు.

విరమణ తర్వాతి కాలం

రెజ్యూమె 2022తో ఆగిపోతే, మిగతా అంతా ఎంత బాగున్నా పాతదిగానే కనిపిస్తుంది. విరమణ తర్వాత ఒక్క వరుసైనా ఉండాలి. చేయని పనిని కల్పించి రాయడం దీనికి మందు కాదు. ఒకటి రెండు చిన్న పనులు నిజంగా చేయాలి. తెలిసిన చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసులో మూడు నెలలు, వారానికి ఒక రోజు, తక్కువ ఫీజుకైనా సరే, దరఖాస్తులు చూసిపెడితే అది నిజమైన పని. పైన చెప్పిన లారీ బాడీ యూనిట్ లాంటిది ఒక్కటి దొరికినా, పదేళ్ల కిందటి ప్రశంసాపత్రాలన్నింటి కంటే విలువైనది.

మారిన నిబంధనలు తెలుసని చూపించడానికి జాబితా అక్కర్లేదు, ఒకటి రెండు నిర్దిష్టమైనవి చాలు. ఉదాహరణకు పూచీకత్తు లేని రుణాలకు హామీ ఇచ్చే సీజీటీఎంఎస్‌ఈ పథకంలో పరిమితి 2023లో 2 కోట్ల నుంచి 5 కోట్లకు, 2025 ఏప్రిల్‌లో 10 కోట్లకు పెరిగింది. దస్తావేజులు పెట్టలేని యూనిట్‌కు ఈ సంగతి ఎంతో అవసరం. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన బాకీని చట్టం చెప్పిన గడువులో, ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, చెల్లించకపోతే ఆ ఖర్చును కొనుగోలుదారు ఆ ఏడాది ఆదాయం నుంచి తగ్గించుకోలేడన్న ఆదాయపు పన్ను నిబంధన 2023–24 నుంచి అమల్లోకి వచ్చింది. యూనిట్ రాబడుల లెక్క దీనివల్ల మారుతుంది. ఇలాంటివి తన పనుల వరుసల్లోనే సహజంగా రావాలి. వేరే పెట్టెలో ‘తాజా పరిజ్ఞానం’ అని శీర్షిక పెట్టి గుచ్చితే, వాటిని నిన్న రాత్రి చదువుకున్నట్టుంటుంది.

సీఏఐఐబీ పూర్తిచేసిన ఏడాది 1991 అయినా దాన్ని ఉంచవచ్చు. ఆ పరీక్షకు బ్యాంకింగ్ రంగంలో గౌరవం ఉంది. ఇరవై రెండు శిక్షణ తరగతుల్లో రుణ పరిశీలనకు సంబంధించిన ఒకటి రెండు మిగిల్చి మిగతావి తీసేయాలి. పద్నాలుగు పోస్టింగుల్లో చివరి మూడింటిని ఒక్కో వరుసలో ఇచ్చి, 2011కు ముందున్నవాటిని ‘ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పలు బ్రాంచీలు, 1986–2011’ అని కలిపేస్తే సరిపోతుంది. ఈ కోతతోనే ఆరు పేజీలు రెండవుతాయి.

వయసు దాచడం గురించి సలహాలు చాలా వినిపిస్తాయి. డిగ్రీ ఏడాది తీసేయండి, చేరిన ఏడాది తీసేయండి, జుట్టుకు రంగేసి ఫోటో పెట్టండి అంటారు. ఈ సలహాదారు పనిలో అది అనవసరం, ప్రమాదం కూడా. పుట్టిన తేదీ రాయాల్సిన పని లేదు, నిజమే. కానీ బ్యాంకు అధికారి విరమణ చేశారంటే అరవై నిండాయని అందరికీ తెలుసు. సంవత్సరాలు మాయం చేసిన రెజ్యూమె చూస్తే, ఇంకేం దాచారోనని అనుమానం వస్తుంది. మంజూరు చేసే కుర్చీలో కూర్చున్న మనిషి కాబట్టే కదా ఆమెను పిలుస్తున్నారు. ఆ కుర్చీ దాకా రావడానికి ఎన్నేళ్లు పట్టిందో దాచడంలో అర్థం లేదు.

షరతులు, ఫీజు

పార్ట్‌టైమ్ అన్న మాట రెజ్యూమెలో ఎక్కడో చివర కనిపిస్తే, చదివేవారు పూర్తికాలం ఉద్యోగం అడుగుతున్నారనే అనుకుంటారు. రోజులు, ప్రాంతం, పని రూపం స్పష్టంగా ఉండాలి: వారానికి రెండు రోజులు, విజయవాడ చుట్టుపక్కల నేరుగా, మిగతా చోట్లకు ఆన్‌లైన్‌లో, ఒక్కో దరఖాస్తుకు ఫీజు, లేదా నెలకు నిర్ణీత మొత్తం. ఫీజు ఎంతో రెజ్యూమెలో రాయకపోవడమే మేలు, అది పని చూశాక మాట్లాడుకునేది. కానీ ఒక షరతు రాతలో ఉంటే ఎంతో ఉపయోగం: ఫీజు చేసిన పనికే, రుణం మంజూరుతో దానికి ముడి లేదు. మంజూరైన మొత్తంలో శాతం తీసుకునేవారిని ఊళ్లో లోన్ బ్రోకర్ అంటారు. ముప్పై ఏళ్ల మంచిపేరు ఆ ఒక్క అలవాటుతో పోతుంది. పైగా అంచనాలు పెంచి రాయాలన్న ఒత్తిడి సలహాదారు మీదే పడుతుంది.

‘జోనల్ ఆఫీసు స్థాయిలో మంచి పరిచయాలున్నాయి’ అన్న వాక్యాన్నీ ఇదే కారణంతో కొట్టేయాలి. అది రాసినవారు బలంగా భావిస్తారు. చదివినవారిలో నిజాయితీపరులు వెనక్కి తగ్గుతారు, కాని పనులు చేయించుకోవాలనుకునేవారు ముందుకొస్తారు.

రెజ్యూమె బయటికి పంపేముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. బ్యాంకు పెన్షన్ తీసుకునే అధికారులు, విరమణ తర్వాత నిబంధనల్లో చెప్పిన కాలం గడవకముందే వాణిజ్య సంస్థలో పని చేపట్టాలంటే బ్యాంకు ముందస్తు అనుమతి తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-ఎ అధికారులకు ఈ కాలం ఏడాది. ఈ ఉదాహరణలోని అధికారి విరమణ చేసి చాలాకాలమైంది, నిరుడు రిటైరైనవారు మాత్రం కచ్చితంగా కనుక్కోవాలి. సేవల మీద రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు అవసరమవుతుంది; వారానికి రెండు రోజుల పనిలో సాధారణంగా అంతదాకా రాదు. వృత్తిపరమైన ఫీజు చెల్లించే సంస్థ పది శాతం టీడీఎస్ కోస్తుంది కాబట్టి పాన్ నంబరు అడుగుతారు. అడిగినప్పుడు ఇవ్వాలి, రెజ్యూమెలో మాత్రం రాయకూడదు. ఆధార్ నంబరూ అంతే.

రూపం గురించి చెప్పాల్సింది తక్కువ. రెండు పేజీలు, ఒకే రకం అక్షరాలు, పెట్టెలూ రంగులూ లేకుండా, పీడీఎఫ్. ఫైలు పేరు ‘బయోడేటా ఫైనల్ 3’ అని ఉండకుండా తన పేరు, చేసే పని ఉండాలి, ఎందుకంటే వాట్సాప్‌లో మొదట కనిపించేది అదే. పెద్ద సంస్థల పోర్టళ్లకు పంపేటప్పుడు సాఫ్ట్‌వేర్ చదవగలిగేలా పట్టికలు లేకుండా ఉండాలి. ఈ రకం పనులు మాత్రం పోర్టళ్ల కంటే తెలిసినవారి ద్వారానే ఎక్కువ వస్తాయి.

పనిచేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది

పంపేముందు ఒక పరీక్ష ఉంది. బ్యాంకింగ్‌తో సంబంధం ఉన్న ముప్పై ఏళ్ల మనిషికి, కుటుంబసభ్యులు కానివారికి, మొదటి పేజీని ఒక నిమిషం చూపించి తీసేసుకోవాలి. ఈమె ఏం చేస్తారు అని అడగాలి. ‘రిటైరైన బ్యాంకు మేనేజర్’ అన్న జవాబు వస్తే పై మూడో వంతు మళ్లీ రాయాలి. ‘వెనక్కి వచ్చిన లోన్ దరఖాస్తులు సరిచేస్తారు’ అంటే పని జరిగినట్టే.

పంపిన తర్వాత వచ్చే ఫోన్లే లోపం ఎక్కడుందో చెబుతాయి. ‘రోజూ ఆఫీసుకు రాగలరా?’ అని అడిగితే రోజుల సంగతి సరిగా కనిపించలేదన్నమాట. ‘లోన్ ఇప్పిస్తారా, ఎంత శాతం?’ అని అడిగితే ఎక్కడో బ్రోకర్ వాసన తగిలింది. పరిచయాల గురించిన వాక్యం ఏదైనా మిగిలిపోయిందేమో వెతకాలి. ‘మీకు జీఎస్టీ రిటర్నులు చూడటం వచ్చా?’ అని అడిగితే చేసిన పనుల భాగం బలహీనంగా ఉంది. పదిహేను ఇరవై మందికి పంపినా ఒక్క ఫోనూ రాకపోతే, లోపం రెజ్యూమెలో కాకుండా పంపిన చోటులో కూడా ఉండవచ్చు. చార్టర్డ్ అకౌంటెంట్లు సెప్టెంబరు, అక్టోబరుల్లో పన్ను ఆడిట్లలో మునిగి ఉంటారు, అప్పుడు కొత్త మనిషి గురించి ఆలోచించే తీరిక వాళ్లకు ఉండదు.

పని దొరికాక కూడా రెజ్యూమెను అలాగే వదలకూడదు. ఆరు నెలలకొకసారి తెరిచి, కొత్తగా చేసిన పని ఒకటి చేర్చినప్పుడల్లా సర్వీసు కాలం నాటిది ఒకటి తీసేయాలి. పేజీ అడుగున నెల, ఏడాది వేయాలి. రెండేళ్లు గడిచేసరికి మొదటి పేజీలోని పనులన్నీ విరమణ తర్వాతివే అయి ఉండాలి. ముప్పై ఆరేళ్ల బ్యాంకు సర్వీసుకు రెండో పేజీలో నాలుగు వరుసలు చాలు.